గోడ కింద మట్టి తీసింది ఒకరు, డబ్బు కట్టింది ఇంకొకరు: సీతమ్మధార కొండవాలు కేసు

2021 అక్టోబర్‌లో ఒక ఉదయం ఆరున్నరకి మా క్లయింట్ ఫోన్ చేశారు. రిటైరైన లెక్చరర్. మేమంతా మాస్టారూ అనే పిలుస్తాం. విశాఖపట్నం సీతమ్మధార ఎగువన కొండవాలులో ఉన్న తన 300 గజాల స్థలంలో ఇల్లు కట్టుకుంటున్నారు. "లాయర్ గారూ, వెనకింటి ప్రహరీ రాత్రి మా గుంతలో పడిపోయింది. కింద ఒక కూలీ ఉన్నాడట, కాలు విరిగింది. వెనకింటాయన నన్నే బాధ్యుడంటున్నాడు. పని చేసింది కాంట్రాక్టరు కదండీ?" అన్నారు.

నేను విశాఖపట్నం కోర్టుల్లో సివిల్ ప్రాక్టీసు చేస్తాను. ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంది. "కాంట్రాక్టరు కడతాడు" అనో "ఓనరే కట్టుకోవాలి" అనో ఒక్క ముక్కలో చెబితే తప్పవుతుంది. దెబ్బ ఎవరికి తగిలింది అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. ఈ కేసులో ఒకే రాత్రి, ఒకే మట్టి జారి ఇద్దరికి నష్టం చేసింది. ఒకరి విషయంలో మా మాస్టారు ముందుగా డబ్బు కట్టాల్సి వచ్చింది. రెండో వ్యక్తి విషయంలో ఆయన మీద పైసా భారం పడలేదు. ఆ తేడా ఎందుకొచ్చిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

సైటులో ఏం కనబడింది

ఎనిమిదింటికల్లా నేను అక్కడున్నాను. స్థలం వెనక హద్దు సుమారు 12 మీటర్లు. స్టిల్ట్ ఫ్లోర్‌కి లెవెల్ రావాలంటే వెనక వైపు కొండని 3 మీటర్ల లోతున కోయాలి. పైన హద్దుకి ఆనుకుని పోర్టులో పనిచేసి రిటైరైన పెద్దాయన ప్రహరీ, దానికి మీటరున్నర లోపల ఆయన ఇంటి మూల. ప్రహరీలో దాదాపు 8 మీటర్లు ఇటుకలతో సహా కిందకి జారిపోయింది. మిగిలిన ముక్క గాల్లో వేలాడుతోంది.

స్ట్రక్చరల్ ఇంజనీరు ఇచ్చిన డ్రాయింగ్ మాస్టారి దగ్గరే ఉంది. అందులో చాలా స్పష్టంగా రాశారు: వెనక హద్దుని రెండేసి మీటర్ల చొప్పున ఆరు ప్యానెళ్లుగా విడదీయాలి. ముందు 1, 3, 5 ప్యానెళ్లు మాత్రమే తవ్వి, వాటిలో రిటైనింగ్ వాల్ పోసి, కాంక్రీట్ గట్టిపడ్డాకే 2, 4, 6 జోలికి వెళ్లాలి. తవ్వకం హద్దుకి 60 సెంటీమీటర్లు లోపలే ఆగాలి. ఇలా ఒకటి విడిచి ఒకటి తవ్వితే, తవ్వని ప్యానెళ్లు పైనున్న మట్టికి గుంజల్లా నిలబడి ఉంటాయి.

నా కంటికి కనబడింది వేరు. 12 మీటర్లూ ఒక్క పెట్టున, నిట్టనిలువుగా కోసేశారు. ఎర్రమట్టి గోడ మీద జేసీబీ బకెట్ పళ్ల గీతలు ఇంకా తాజాగా ఉన్నాయి. వాటిలో కొన్ని ప్రహరీ పునాది రాయి అడుగున జానెడు లోపలికి వెళ్లాయి. నేను నా పెన్ను ఆ గీతల పక్కన పెట్టి ఫోటోలు తీశాను. రెండు రోజుల తర్వాత ఇంకో వాన పడి ఆ గీతలు మొత్తం చెరిగిపోయాయి. ఆ ఆరు ఫోటోలు లేకపోతే "మట్టి దానంతటదే జారింది" అన్న వాదనని తిప్పికొట్టడం చాలా కష్టమయ్యేది.

ఇక్కడి మట్టి సంగతి తెలియనివాళ్లకి ఒక మాట. మన కొండల్లో ఉన్న ఖొండలైట్ రాయి శిథిలమై ఎర్రమట్టిగా మారుతుంది. ఎండలో ఉన్నప్పుడు నిలువుగా కోసినా గోడలా నిలబడుతుంది. చూసినవాడికి "గట్టిగానే ఉందిలే" అనిపిస్తుంది. నీళ్లు ఎక్కగానే ఆ పట్టు పోతుంది, ఒక్కసారిగా పెళ్లలుగా ఊడిపడుతుంది. తవ్వింది మధ్యాహ్నం ఎండలో. వాన పడింది రాత్రి పదకొండుకి. కూలీ ఆ గుంత అడుగున వేసుకున్న పట్టాల గుడిసెలో పడుకుని ఉన్నాడు.

ఆ రోజు కోర్టు పని కన్నా ముందు చేయాల్సింది వేరే ఉంది. వేలాడుతున్న గోడని దించేయడం, కోత అడుగున ఇసుక బస్తాలు, తవ్విన మట్టి తిరిగి పోసి వాలుగా దన్ను ఇవ్వడం, పైన టార్పాలిన్ కప్పి వాననీరు పక్కకి పోయేలా కాలవ తీయడం. ఇదంతా సాయంత్రంలోపు మాస్టారి ఖర్చుతోనే చేయించాను. "ఇది చేస్తే తప్పు నాదని ఒప్పుకున్నట్టు కాదా?" అని ఆయన అడిగారు. కాదు. చేయకపోతే ఇంటి మూల కూడా దిగేది, అప్పుడు నష్టం మూడింతలయ్యేది. ఖర్చు పెట్టిన ప్రతి రూపాయికీ బిల్లు ఉంచమన్నాను.

ముగ్గురి మధ్య ఉన్న కాగితాలు

మాస్టారికీ మెయిన్ కాంట్రాక్టరుకీ మధ్య నూరు రూపాయల స్టాంప్ పేపరు మీద రెండు పేజీల అగ్రిమెంట్ ఉంది. మెటీరియల్‌తో సహా చదరపు అడుగుకి ఇంత అని రేటు. నాలుగో పేరాలో "పనిలో జరిగే నష్టములకు కాంట్రాక్టరే బాధ్యుడు" అని ఒక్క లైను. సబ్ కాంట్రాక్టర్ల గురించి ఒక్క మాట లేదు.

మట్టి పని మాత్రం మెయిన్ కాంట్రాక్టరు చేయలేదు. జేసీబీ ఉన్న ఒక కుర్రాడికి ఇచ్చాడు. వాళ్లిద్దరి మధ్య కాగితమే లేదు. గంటకింత అని నోటి మాట. డ్రాయింగ్ ఆ కుర్రాడి చేతికి ఎప్పుడూ వెళ్లలేదు. నేను వెళ్లి అడిగితే దాచకుండా చెప్పాడు: "ఆరు ముక్కలు చేయాలని నాకెవరూ చెప్పలేదు బాబూ. సూపర్‌వైజరు పొద్దున్న వచ్చి సున్నం గీత గీసి వెళ్లిపోయాడు. బండి మళ్లీ మళ్లీ తేవాలంటే నాకు గిట్టదు, ఒక్క రోజులో లాగేశాను."

ఈ మాటలో నిర్లక్ష్యం రెండు చోట్ల ఉంది. గోడ పునాది కింద బకెట్ పెట్టకూడదని డ్రాయింగ్ చూడకపోయినా జేసీబీ వాడికి తెలియాలి. అది అతని తప్పు. డ్రాయింగ్ ఇవ్వకుండా, సూపర్‌వైజరు లేకుండా కొండవాలు మీద తవ్వకం మొదలుపెట్టనివ్వడం మెయిన్ కాంట్రాక్టరు తప్పు. చాలామంది మొదటిదాన్నే చూస్తారు. వసూలు చేసుకోవాల్సి వచ్చినప్పుడు పనికొచ్చేది రెండోదే.

వెనకింటాయన నష్టం: ఓనరు తప్పించుకోలేకపోయిన చోటు

వారం తిరక్కుండా మాస్టారికి 14 లక్షలకి లాయర్ నోటీసు వచ్చింది. మెయిన్ కాంట్రాక్టరు "నా పని కాదు, జేసీబీ వాడిది" అన్నాడు. మాస్టారు కూడా "నేను స్వతంత్ర కాంట్రాక్టరుకి ఇచ్చాను, అతని తప్పుకి నేనెలా బాధ్యుడిని?" అని జవాబు ఇద్దామన్నారు.

మామూలుగా ఆ వాదనకి బలం ఉంది. పని ఎలా చేయాలో తానే నిర్ణయించుకునే స్వతంత్ర కాంట్రాక్టరు చేసిన నిర్లక్ష్యానికి పని ఇచ్చినవాడు బాధ్యుడు కాడన్నది టార్ట్ చట్టంలో, అంటే ఒకరి తప్పు వల్ల ఇంకొకరికి కలిగిన నష్టానికి పరిహారం ఇప్పించే సివిల్ చట్టంలో, స్థిరపడిన సూత్రం. మేస్త్రీ చేతిలోంచి ఇటుక జారి రోడ్డు మీద పోయేవాడికి తగిలితే ఓనరు ఈ మాట చెప్పుకోవచ్చు. కానీ పక్కవాడి భూమికి ఉన్న దన్ను తీసేసే పనికి ఈ మినహాయింపు వర్తించదు. 1876లో ఇంగ్లండ్‌లో బవర్ వర్సెస్ పీట్ కేసులో సరిగ్గా ఇదే జరిగింది. ఒకాయన పాత ఇల్లు పడగొట్టి, పునాదులు తవ్వి కొత్తది కట్టే పనిని కాంట్రాక్టరుకిచ్చాడు. పక్కింటికి దన్ను ఇచ్చే బాధ్యత కాంట్రాక్టరుదేనని అగ్రిమెంట్‌లో రాయించుకున్నాడు కూడా. అయినా పక్కిల్లు దెబ్బతిన్నప్పుడు ఓనరే బాధ్యుడని తీర్పు వచ్చింది. జాగ్రత్తలు తీసుకోకపోతే పక్కవాడికి నష్టం తప్పదని ముందే తెలిసే పనిని చేయించేటప్పుడు, ఆ జాగ్రత్త బాధ్యతని ఇంకొకరికి అప్పజెప్పి చేతులు దులుపుకోవడం కుదరదని దాని సారాంశం. ఇలాంటి కేసుల్లో మన దగ్గర కూడా ఈ సూత్రం మీదే వాదిస్తాం.

మన చట్టంలో దీనికి పునాది 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం. పక్క భూమి నుంచి సహజంగా దొరికే దన్ను మీద ప్రతి భూయజమానికీ హక్కు ఉందని 7వ సెక్షన్ ఉదాహరణల్లో ఉంది. అయితే ఆ హక్కు సహజ స్థితిలో ఉన్న నేలకే, దాని మీద కట్టిన ఇంటి బరువుకి కాదు. ఇంటితో సహా దన్ను కావాలంటే 15వ సెక్షన్ ప్రకారం 20 ఏళ్లు అడ్డులేకుండా ఆ దన్ను అనుభవించి ఉండాలి. అందుకే నేను అవతలి లాయరు గారిని అడిగిన మొదటి ప్రశ్న, "ఇల్లు ఎప్పటిది సార్?" అని. ఆయన పాత ప్లాను, ఇంటి పన్ను రసీదులు చూపించారు. 24 ఏళ్లు. ఇల్లు పదేళ్లదే అయివుంటే, ఇంటి బరువు లేకపోయినా నేల జారేదా అని ఇంజనీర్ల మధ్య పెద్ద చర్చే నడిచేది. 24 ఏళ్లు అనేసరికి ఆ తలుపు మూసుకుపోయింది. కేసు కోర్టులో ఎదుర్కోవద్దని మాస్టారికి అప్పుడే చెప్పేశాను.

వాన దైవాధీనమన్న వాదన మెయిన్ కాంట్రాక్టరు లేవదీశాడు. అక్టోబర్‌లో విశాఖలో వాన పడటం ఎవరూ ఊహించలేని సంగతి కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ చూసిన ఊరిది. ఆ రాత్రి పడింది తుపాను వాన కూడా కాదు. ఆ వాదన అక్కడితో ఆగిపోయింది.

మిగిలింది ఎంత కట్టాలన్నదే. 14 లక్షల నోటీసులో ఇల్లంతా బాగుచేయించే లెక్క వేశారు. ఇద్దరికీ నమ్మకమున్న ఒక ఇంజనీరుని తీసుకెళ్లాం. ఆయన పగుళ్లని ఒక్కొక్కటి టార్చితో చూస్తూ మాకు వివరించారు. పాత పగులులో దుమ్ము, సాలెగూడు, మునుపటి పెయింటు లోపలికి దిగిన జాడ ఉంటాయి, అంచులు అరిగి ఉంటాయి. కొత్త పగులు లోపల శుభ్రంగా, అంచులు పదునుగా ఉంటాయి. హాల్లో ఉన్న నాలుగు పగుళ్లూ పాతవని తేల్చారు. కోత వైపున్న మూలగదిలో ఇటుకల వరుసల వెంట మెట్లు మెట్లుగా ఏటవాలుగా పైకి పోయిన రెండు మాత్రం కొత్తవి. పైకి వెళ్లేకొద్దీ వెడల్పయ్యాయి, అంటే ఆ మూల దిగింది. ఇంకా దిగుతోందా లేదా తెలుసుకోవడానికి పగులుకి అడ్డంగా సన్నని గాజు పట్టీలు ప్లాస్టర్‌తో అంటించి తారీకు రాశారు. కదలిక ఉంటే గాజు చిట్లుతుంది. మూడు వారాల్లో ఒకటి చిట్లింది. బస్తాల దన్ను పెంచాక అతికించిన కొత్త పట్టీ నిలిచింది.

దాంతో లెక్క తేలింది. ప్రహరీ మళ్లీ కట్టడానికి 1,90,000. మూల పునాదికి అడుగు నుంచి దన్ను పోసి గది బాగుచేయడానికి 3,60,000. నాలుగు నెలలు వేరే ఇంట్లో ఉండటానికి అద్దె, నెలకి 18,000 చొప్పున 72,000. మొత్తం 6,22,000.

మెయిన్ కాంట్రాక్టరు ఇన్సూరెన్స్ పాలసీ ఒకటి తెచ్చాడు. కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ, అందులో మూడో వ్యక్తుల నష్టానికి కవర్ ఉంది. కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. ఈ పాలసీల్లో కంపనల వల్ల, దన్ను తీసేయడం వల్ల పక్క కట్టడాలకి కలిగే నష్టానికి మామూలుగా కవర్ ఉండదు. దానికి విడిగా ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి జోడించే అదనపు కవర్, తీసుకుని అదనంగా ప్రీమియం కట్టాలి. అతను కట్టలేదు. వాలు స్థలంలో ఆ ఎండార్స్‌మెంట్ లేని పాలసీ, అసలు ప్రమాదం దగ్గరికొచ్చేసరికి పనికిరాదు.

మాస్టారు కట్టింది ఎవరి దగ్గర రాబట్టాలి

వెనకింటాయనకి మాస్టారు బాధ్యులన్నది ఒక సంగతి. ఆ డబ్బు చివరికి ఎవరి జేబులోంచి పోవాలన్నది వేరే సంగతి. జేసీబీ కుర్రాడికీ మాస్టారికీ ఒప్పందం లేదు, కాబట్టి ఒప్పందం కింద అతన్ని నేరుగా పట్టుకోలేం. మెయిన్ కాంట్రాక్టరుతో ఒప్పందం ఉంది. తను చేస్తానన్న పనిని ఇంకొకరి చేత చేయించినంత మాత్రాన, ఓనరు పట్ల అతని బాధ్యత పోదు. "నష్టములకు కాంట్రాక్టరే బాధ్యుడు" అన్న ఆ ఒక్క లైను ఇక్కడ పనికొచ్చింది. పక్కవాడి ముందు మాస్టారిని కాపాడలేకపోయినా, కాంట్రాక్ట్ చట్టం 124, 125 సెక్షన్ల కింద ఇండెమ్నిటీగా, అంటే నష్టం భర్తీ చేస్తానన్న హామీగా, నిలబడింది. డ్రాయింగ్ ప్రకారం తవ్వకపోవడం ఎలాగూ ఒప్పంద భంగమే, దానికి 73వ సెక్షన్ ఉంది.

అంతా సాఫీగా పోతోందనుకుంటుండగా మెయిన్ కాంట్రాక్టరు తన ఫోన్ బయటికి తీశాడు. తవ్వకానికి ముందురోజు మాస్టారు పంపిన వాట్సాప్ మెసేజ్: "మా ఊరి అబ్బాయి జేసీబీ ఉంది, అతనికే ఇవ్వండి. రేపు ఒక్క రోజులో తేల్చేయమనండి, మళ్లీ బండి ఖర్చు వద్దు." దానితోపాటు జేసీబీ కుర్రాడికి మాస్టారు నేరుగా ఫోన్‌పేలో వేసిన 9,000 రూపాయల రసీదు. ఈ రెండూ మాస్టారు నాకు ఎప్పుడూ చెప్పలేదు. మరిచిపోయారు, అంతే.

ఒకరి పేరు చెప్పడం వల్ల మాత్రమే బాధ్యత మారదు. తెచ్చుకున్నవాడిని పర్యవేక్షించాల్సింది మెయిన్ కాంట్రాక్టరే, వద్దనుకుంటే అభ్యంతరం చెప్పొచ్చు. కానీ "ఒక్క రోజులో తేల్చేయమనండి" అన్నది పని పద్ధతి మీద ఇచ్చిన ఆదేశం. ఆరు ప్యానెళ్ల పని ఒక్క రోజులో అవదు. డ్రాయింగ్ చేతిలో పెట్టుకుని ఆయన ఆ మెసేజ్ పంపారు. నేరుగా డబ్బు వేయడం ఆ కుర్రాడు ఎవరి మనిషో అనే సందేహాన్ని పెంచింది. నేను మాస్టారి తరఫు లాయర్నే అయినా, కోర్టు ఈ మెసేజ్‌ని పట్టించుకోదని ఆయనకి చెప్పలేకపోయాను. నాలుగు సిట్టింగుల తర్వాత 80, 20 దగ్గర కుదిరింది. కాంట్రాక్టరు 4,97,600, మాస్టారు 1,24,400.

దావా వేయకముందే ఈ వివాదాన్ని జిల్లా న్యాయసేవాధికార సంస్థ దగ్గర ప్రీ లిటిగేషన్ కేసుగా పెట్టి లోక్ అదాలత్‌లో అవార్డు తీసుకున్నాం. ఇంటి దగ్గర రాసుకునే రాజీ కాగితంతో సరిపెట్టుకోకపోవడానికి కారణం ఉంది. లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ఎవరైనా మాట తప్పితే నేరుగా అమలుకి వెళ్లొచ్చు. మాస్టారు 6,22,000 వెనకింటాయనకి ఒకేసారి చెక్కుగా ఇచ్చారు. కాంట్రాక్టరుకి ఇవ్వాల్సిన మూడో రన్నింగ్ బిల్లు 6,80,000 అప్పటికి ఆయన దగ్గరే ఆగి ఉంది. అందులోంచి 4,97,600 మినహాయించి, మిగిలిన 1,82,400 ఇచ్చారు. ఆ బిల్లు ముందే చెల్లించేసి ఉంటే, ఇదే హక్కుతో ఆయన ఏళ్లపాటు కోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చేది.

కూలీ కాలు: ఓనరు మీద పడని భారం

కూలీకి 35 ఏళ్లు, జేసీబీ కుర్రాడు తెచ్చుకున్న మనిషి. తొడ ఎముక రెండు చోట్ల విరిగింది. సంపాదన శక్తి 30 శాతం తగ్గిందని డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చారు. అతని భార్య అడిగింది ఒక్కటే: "కేసు ఎవరి మీద వేయాలయ్యా?" వాళ్ల లాయరు జేసీబీ కుర్రాడు, మెయిన్ కాంట్రాక్టరు, మాస్టారు ముగ్గురి మీదా అప్పట్లో అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కింద వేశారు.

ఇక్కడ నిర్లక్ష్యం ఎవరిదన్న విచారణే అక్కర్లేదు. పనిలో ఉండగా, పని వల్ల దెబ్బ తగిలితే చాలు. గుంతలో పడుకుని ఉండగా తగిలింది కదా అన్న అభ్యంతరం వచ్చింది. బండికీ సామానుకీ కాపలా కోసం అతన్ని అక్కడే ఉండమన్నది జేసీబీ కుర్రాడే, కాబట్టి అది పనిలో భాగమేనని ఆ చట్టం కింద కేసు విచారించిన కమిషనర్ తీసుకున్నారు.

మెయిన్ కాంట్రాక్టరు "అతని పేరు కూడా నాకు తెలియదు, నా మస్టర్‌లో లేడు" అన్నాడు. ఆ మాటకి ఆ చట్టంలోని 12వ సెక్షన్ సమాధానం చెప్పింది. తన వ్యాపారంలో మామూలుగా భాగమైన పనిని ఎవరైనా ఇంకొకరికి కాంట్రాక్టుకిస్తే, ఆ కిందివాడి కూలీకి పరిహారం తన సొంత కూలీకి కట్టినట్టే తనే కట్టాలని అందులో ఉండేది. ఇళ్లు కట్టడమే వ్యాపారమైనవాడికి పునాది తవ్వకం ఆ వ్యాపారంలో భాగం. మస్టర్‌లో పేరు లేకపోయినా తేడా లేదు. కట్టాక కింది కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకునే హక్కు అదే సెక్షన్ ఇచ్చింది.

మాస్టారి సంగతికొస్తే, ఆ సెక్షన్‌లో ఉన్న "వ్యాపారం" అన్న మాటే ఆయన్ని బయటపడేసింది. తను ఉండటానికి ఇల్లు కట్టుకునే రిటైర్డ్ లెక్చరరుకి ఇళ్లు కట్టడం వ్యాపారం కాదు. ఆయన మీద పిటిషన్ కొట్టేశారు. అదే స్థలంలో ఆయన అమ్మడానికి ఫ్లాట్లు కడుతుంటే జవాబు తలకిందులయ్యేది. ఈ తేడాని ఓనర్లు తరచూ పట్టించుకోరు.

లెక్క ఇలా వచ్చింది. అతని రోజుకూలీ నెలకి లెక్కేస్తే 15,000 దాటుతుంది, కానీ 2020 జనవరి నుంచి ఆ చట్టంలో లెక్కకి తీసుకునే నెల జీతం గరిష్ఠం 15,000గా ఉండేది. దానిలో 60 శాతం 9,000. 35 ఏళ్లకి షెడ్యూల్‌లో ఉన్న గుణకం 197.06. రెండూ గుణిస్తే 17,73,540. దానిలో 30 శాతం 5,32,062. గడువులో కట్టనందుకు ఏడాదికి 12 శాతం వడ్డీ. మొదటి నెలలోనే మెయిన్ కాంట్రాక్టరు ఈ మొత్తం డిపాజిట్ చేసి ఉంటే వడ్డీ పడేదే కాదు. "నా మనిషి కాదు" అనే వాదన పట్టుకుని రెండేళ్లు లాగాడు. ఆ కుటుంబం ఆ రెండేళ్లూ ఆవిడ ఇళ్లలో పాచిపని చేసి తెచ్చిన డబ్బు మీద బతికింది. ఆ కేసులో నేను అవతలి పక్షం లాయర్నే అయినా, నాకు ఇప్పటికీ బాధ కలిగించేది అదే.

జేసీబీ కుర్రాడి దగ్గర మెయిన్ కాంట్రాక్టరు రాబట్టింది ఎంతంటే, పాత పనుల్లో ఆపి ఉంచిన 40,000, ఆపైన నెలకి పదివేల చొప్పున మూడు వాయిదాలు. తర్వాత బండిని ఫైనాన్స్ వాళ్లు పట్టుకుపోయారు. అసలు తప్పు చేసిన చేతికి చట్టం ప్రకారం అంతా కట్టే బాధ్యత ఉంది, కట్టే స్తోమత లేదు. అందుకే మెయిన్ కాంట్రాక్టరు సబ్ కాంట్రాక్టరుని ఎంచుకునేటప్పుడు అతని రేటుతో పాటు ఇన్సూరెన్స్ కాగితం కూడా అడగాలి.

ఈ కేసు తర్వాత ఓనర్లకి రాసే అగ్రిమెంట్లలో నేను ఒక పేరా మార్చాను. అది ఇలా ఉంటుంది: "కాంట్రాక్టరు ఏ పనినైనను ఓనరు వ్రాతపూర్వక అనుమతితో మాత్రమే సబ్ కాంట్రాక్టుకు ఇవ్వవలెను. ఓనరు సూచించిన వ్యక్తి అయినను, సబ్ కాంట్రాక్టరు మరియు అతని కూలీల చర్యలకు, లోపములకు కాంట్రాక్టరు తన స్వంత చర్యల వలెనే బాధ్యుడు. పొరుగువారికి కలుగు నష్టము ఓనరు చెల్లించవలసి వచ్చినచో, ఆ మొత్తమును రాబోవు బిల్లుల నుండి మినహాయించుకొనుటకు ఓనరుకు హక్కు కలదు." సంతకాలయ్యాక ఓనరుకి నోటితో ఇంకో మాట చెబుతాను: కూలీలకి గానీ జేసీబీ వాళ్లకి గానీ నేరుగా డబ్బు వేయకండి, పని ఎలా చేయాలో మెసేజ్ పెట్టకండి, ఏదైనా ఉంటే కాంట్రాక్టరుకి డ్రాయింగ్ నంబరు వేసి రాయండి.

మాస్టారి రిటైనింగ్ వాల్ ఆ తర్వాత ప్యానెల్ విడిచి ప్యానెల్ తవ్వి పోశారు. దానికి పదకొండు వారాలు పట్టింది.